ఆ ఆకాశం బొంబాయిదేనా?

భవానీపూర్‌లోని కలర్ ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో నాకో పాడు అలవాటు అబ్బింది. ఎవరు రాత్రి ఫొటో చూపించినా అందులోని మనుషుల్ని చూడను, వాళ్ల వెనకాల ఆకాశం చూస్తాను. దానికి కారణం మా తమ్ముడు.

బొంబాయిలో కడుతున్న భవనమొకటి కూలిందని టీవీలో చెప్పారు. తమ్ముడూ, మా పక్కింటి పిన్ని కొడుకూ ఆ ఊళ్లోనే భవనాల పనికి వెళ్లారు. ఒకే గది, ఒకే పొయ్యి, ఇద్దరికీ కలిపి ఒకటే కెమెరా. "మాలో కొందర్ని ఏదో సిన్న ఊరికి పంపుతారంట, ఎవుల్నో ఇంకా తెల్దు" అని తమ్ముడు చివరిసారి ఫోన్లో అన్నాడు. ఆ తర్వాత కబురు లేదు.

టీవీ వార్త విన్న మర్నాడే ల్యాబ్‌కి ఫిల్మ్ రోలు వచ్చింది. నా దగ్గరైతే డబ్బు లేకుండా కడిగించవచ్చని తమ్ముడు ఎప్పుడూ ఎవరో ఒకరి చేత పంపేవాడు. ఈసారి తెచ్చిన కూలీ, నేను భోజనానికి వెళ్లినప్పుడు కౌంటర్ మీద పెట్టేసి రైలుకి పోయాడట. "కనీసం ఏ ఊరి నుంచి వచ్చాడో అడగొచ్చుగా దాదా!" అని మా బెంగాలీ యజమాని మీద అరిచాను. పాపం, ఆయనకేం తెలుసు?

రోలులో ముందంతా బొంబాయే. వెదురు పరంజాలు, సముద్రం, డాబా మీది నుంచి తీసిన ఒక రాత్రి ఫొటో. చిట్టచివరిది కూడా రాత్రి ఫొటోయే, మనిషన్నవాడు లేడు. ప్రింటు ఇంటికి తెస్తే అమ్మ గుండెలు బాదుకుంది. ఆకాశమంతా మట్టిరంగు మసక వెలుగు.

"ఇంత ఎలుగు సిన్న ఊళ్లో ఉంటాదేటి? ఆడు బొంబాయిలోనే ఉన్నాడు. ఓలమ్మో, నాను సచ్చిపోతాను!"

నాన్న కార్పొరేషన్‌లో వీధిదీపాల లైన్‌మన్. ఫొటో కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చాలాసేపు చూశాడు. "దీపాలు ఆకుపచ్చ పడ్డాయే. ఫొటోల్లో ట్యూబులైట్లే ఇలాగుంటాయి. బొంబాయి రోడ్లకి సోడియం దీపాలు కదేటి, నారింజరంగు పడాల" అన్నాడు. కానీ ఆకాశం చూసి ఫొటోని అమ్మకి తిరిగిచ్చేశాడు.

నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే. ఫొటోలో సగానికి పైగా చీకటుంటే ప్రింట్లు తీసే మా మెషిన్ అది తప్పనుకుని మొత్తాన్ని తెల్లబరుస్తుంది. నల్లటి ఆకాశం కూడా బురదలా తేలుతుంది. రోజూ చూసేదాన్ని, ఆ మాట ఇంటికొచ్చాక గుర్తొచ్చింది! వెంటనే తిరిగి ల్యాబ్‌కి పరిగెత్తాను. పిన్ని కూడా చెప్పులు లేకుండా నా వెంట వచ్చింది.

రెండు రాత్రి నెగెటివ్‌లూ లైటు బల్ల మీద పక్కపక్కన పెట్టాను. నెగెటివ్ మీద వెలుగు పడ్డచోటు చిక్కగా, పడనిచోటు పల్చగా ఉంటుంది. బొంబాయి దాంట్లో ఆకాశం చిక్కగా ఉంది, ఇళ్ల పైనంతా దట్టం. చివరిదాంట్లో ఆకాశం ఖాళీ. లారీ దీపం పొడుగ్గా గీతలా సాగింది, అంటే కెమెరాని చాలాసేపు తెరిచే ఉంచారు. అంతసేపు తెరిచినా ఆకాశంలో వెలుగు లేదంటే ఊరు చిన్నదన్నమాట. బొంబాయి సముద్రపు తేమ గాలిలో కనబడని నక్షత్రాలు కూడా ఇందులో పడ్డాయి. దిగువన ఒక మూల మాత్రం గోరంత మసక వెలుగు, ఆ ఊరిదే అయ్యుంటుంది. అందులో పెద్ద భవనాల కిటికీలు లేవు, విమానాలకి కనబడాలని వాటి నెత్తిన పెట్టే ఎర్రదీపాలు లేవు.

మెషిన్ మాట వినకుండా చీకటి పెంచి మళ్లీ ప్రింటు తీశాను. నల్లటి ఆకాశం వచ్చింది. ప్రింటు తీసుకెళ్లి పిన్ని చేతిలో పెట్టాను.

"అయితే బొంబాయి కాదేటి?" పిన్ని నా భుజం పట్టుకుని ఊపింది.

"కాదు పిన్నీ. పల్లెలాంటి ఊరు. పెద్ద పట్నానికి ఎంతో దూరం."

పిన్ని ఫొటోని కళ్లకద్దుకుంది. "ఈళ్లిద్దరూ ఎక్కడికెల్లినా జంటగానే ఎల్తారమ్మా. నాకు తెల్దేటి!" దారిపొడుగునా నవ్వుతూ ఏడుస్తూ నడిచింది. నేనూ అలాగే నమ్మాను. ఫొటో నిజమే చెప్పింది మరి.

రెండు రోజులకి వీధి చివర ఫోను బూత్ నుంచి కబురొచ్చింది. అందరం పరిగెత్తాం. తమ్ముడి గొంతు! అమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, ఏడుపు ఆపుకోలేక రిసీవరు నా చేతికిచ్చేసింది. పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని, తన వంతు కోసం చెయ్యి చాచింది.

"మావోడికియ్యమను, ఒక్క మాట."

తమ్ముడికి ఆ గొంతు వినబడింది. 

"కెమెరా నా సేతిలో ఎట్టి నన్ను బస్సెక్కించాడక్కా" అన్నాడు. "ఆడు బొంబాయిలోనే ఉండిపోయాడు."