ఉదయం అనే ఒక్క మాట

ప్రెస్సులో అందరూ ఆవిణ్ణి కార్డులావిడ అంటారు. పంతొమ్మిదేళ్లుగా పెళ్లికార్డులకు మాటలు కూర్చడమే ఆవిడ పని. కార్డు బామ్మలు కళ్లజోడు వెతుక్కోకుండా చదవాలి, ఆఫీసువాళ్లు ఒక్క చూపులో పట్టుకోవాలి, తెలుగు రాని వియ్యాలవారికి వాళ్ల భాషలో రెండు లైన్లు ఉండాలి. ఎవరి పెళ్లి, ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, భోజనాలు ఎప్పుడు. మిగతాదంతా సోది అని మొహం మీదే చెప్పేస్తుంది.

ఆ పట్టింపు వెనక పాత కక్ష ఉంది. ఆవిడ పెళ్లికి కార్డు వేయించింది పెదనాన్న. తన పదవులు పట్టడం లేదని 'ఉదయం' అన్న మాట పీకించేశాడు. ఎనిమిదింబావు అని చదివి, ఆవిడ స్నేహితులూ టీచర్లూ సగం మంది రాత్రికి దిగారు. తాళం వేసిన హాలు ముందు నాన్న నిలబడి, పెళ్లి పొద్దున్నే అయిపోయిందని ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టి పంపాడు. "చదువుకున్నవాళ్లకి ఆమాత్రం తెలీదా?" అని పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వు ఆవిడ మర్చిపోలేదు, మర్చిపోవాలనీ అనుకోలేదు.

మొన్న అదే పెదనాన్న తన కూతురి పెళ్లికార్డు కోసం వచ్చాడు. ఏడు పదవులు రాసిన కాగితం ముందు పెట్టి, "ఒక్కటీ పోకూడదమ్మా," అన్నాడు.

"అలాగే పెదనాన్నా."

ఒక్కటీ పోకుండా కూర్చేసరికి భోజనాల వేళకీ, వియ్యాలవారి భాషలో లైన్లకీ, హాలు దారి గుర్తుకీ చోటు లేకపోయింది. 'ఉదయం' మాత్రం కావాలనే తీసేసింది. ఆ మాట చెరిపేస్తుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

ప్రూఫ్ చేతికిస్తే ఆయన తన పేరు దగ్గరే వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, సంతకం పడేశాడు. సంతకం పడ్డాక తప్పు ప్రెస్సుది కాదు. అచ్చుకి పంపితే చాలు. కానీ ఏడ్చేది పెళ్లికూతురైన చెల్లెలు, దణ్ణాలు పెట్టడానికి ఈయన ఇంకెవరినో నిలబెడతాడు. అది ఆవిడకి చాలలేదు.

సొరుగులోంచి తన పెళ్లికార్డు తీసి ప్రూఫ్ పక్కన పెట్టింది. "పెళ్లిళ్లు పొద్దున్నో రాత్రో, రెండూ చదివి చెప్పండి."

చదివాడు. మొహం పాలిపోయింది. "ఉదయం అని పెట్టమ్మా."

"చోటేదీ?"

"అక్షరాలు చిన్నవి చెయ్యి."

"పెద్దవాళ్లు చదవలేరు. ఇదిగో ఎర్ర పెన్ను. మీరే కొట్టేయండి."

మొదటి పదవి పోతే 'ఉదయం' వచ్చింది. ఇంకో రెండు పోతే భోజనాల వేళ వచ్చింది. మరో మూడు పోతే వియ్యాలవారి లైన్లు పట్టాయి. "అధ్యక్షులు ఒక్కటీ ఉండనీ," అని బతిమాలాడు. "హాలుకి దారి గుర్తు ఎక్కడ పెట్టను?" అంది. అదీ కొట్టేశాడు.

కొత్త ప్రూఫ్ వచ్చింది. సంతకం పెట్టబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"పైకి చదవండి. నాన్న ఆ రోజు అందరికీ చెప్పినట్టు."

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "ఉదయం ఏడున్నరకి..."

"వినపడలేదు," అంది.