పెన్సిలు మీద సిరా

మేడ్చల్ బడి పంతులు యోబుకు పాత రాళ్లంటే పిచ్చి. అలాంటి పిచ్చివాళ్లను నేను ఊరూరా చూశాను కానీ ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదు.

1945లో ఆయన చిన్ననాటి దోస్తు, శామీర్‌పేట పట్వారీ గోపాలరావు ఒక శాసనం ఫోటో తెచ్చాడు. రాయి ఆ ఊరి రైతు కుర్మయ్య మడిలోది. యోబు భూతద్దం పెట్టి, స్పష్టంగా కనిపించిన “మడి”, “ఇచ్చెను” అనే మాటలు సిరాతో రాశాడు. మడి పొందినవాడి పేరులో “మ” ఒక్కటే మిగిలింది. మిగతాది “ల్లన” కావచ్చని పెన్సిలుతో రాశాడు.

“గీత ఏదో నీడ ఏదో తెలుస్తలేదు. ఇంకో దిక్కు ఎండ పడ్డప్పుడు మల్ల ఫోటో తీయించు.”

“గట్లనే లే యోబూ,” అని పట్వారీ ఫోటో వదిలి, కాగితం తీసుకుపోయాడు.

నెలకు కుర్మయ్య ఏడుస్తూ వచ్చాడు. “మడి పట్వారీ ముత్తాత మల్లనదని రాసిచ్చినవంట పంతులూ! ఇగ నేనేం దున్నుకోవాలె?”

తహశీలు కచేరీకి పోయి, గోపాలరావు సాక్ష్యంగా దాఖలు చేసిన తన కాగితాన్ని యోబు చూశాడు. పెన్సిలు అక్షరాల మీద సిరా దిద్ది ఉంది.

“నీ చేతిరాతే గద, పరేషాన్ ఎందుకు?” అని నవ్వాడు గోపాలరావు.

యోబు ఫోటో, భూతద్దం తహశీల్దారు ముందు పెట్టాడు. “చదివింది ‘మ’ ఒక్కటే సార్. మిగతాది నా ఊహ.” ఆ మాటే రాసి సంతకం చేశాడు. మడి కుర్మయ్యకే ఉండిపోయింది.

తర్వాత ఎవరు ఏ శాసనం తెచ్చినా, అరిగినచోట యోబు చుక్కలే పెట్టేవాడు. తన ఊహ ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా.