అడుగు ఇసుక

గోదావరి మా పాత ఇంట్లోకి ఎప్పుడూ అడిగి రాలేదు. చివరిసారి వచ్చి వెళ్లేటప్పుడు మాత్రం మట్టిగోడల్ని కూడా వెంట తీసుకుపోయింది. ఆ తర్వాత మాకు అడవి వైపు మెరక మీద జాగా ఇచ్చారు. మాతో పాటు మా వీధి వాళ్లకూ అక్కడే వచ్చింది. పక్కపక్కనే టార్పాలిన్లు కట్టుకున్నాం. ఒక మూల నా కుట్టుమిషను, ఇంకో మూల పొయ్యి, మధ్యలో మంచం మీద మా పాప. వానలు మొదలయ్యేలోపు రెండు గదులకు శ్లాబు పడాలి. అంతకు మించి ఆ ఎండాకాలమంతా నేను దేవుణ్ణి ఏమీ కోరుకోలేదు.

ఇల్లు కట్టడానికి ఒక ముసలి మేస్త్రి ఒప్పుకున్నాడు. అందరికీ ఆయన తాతే. డిగ్రీ మధ్యలో మానేసి ఇంట్లో కూర్చున్న నా తమ్ముణ్ణి ఆయన దగ్గర పనికి పెట్టాను. వాడు ఒక పట్టాన దేనికీ వంగే రకం కాదు. మొదటిరోజే తాపీ పట్టుకుని గోడ ఎక్కబోతే, తాత దాన్ని లాక్కుని చేతిలో ఇసుక జల్లెడ పెట్టాడు.

"ముందుగాల ఇసుకతోని దోస్తీ చెయ్యి. తాపీ తర్వాత."

మా ఆయన తన ట్రాలీ ఆటోలో వాగు ఇసుక తెచ్చి పోశాడు. పైకి బాగానే ఉంది. తాత గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదిలేశాడు. అరచేయి నిండా ఎర్రటి మట్టి అంటుకుంది. అది చాలదన్నట్టు నన్ను గాజుగ్లాసు, చిటికెడు ఉప్పు అడిగాడు. గ్లాసులో సగం దాకా ఇసుక పోసి, నీళ్లు పోసి, ఉప్పు వేసి, మూత పెట్టి బాగా ఊపి గట్టు మీద పెట్టాడు. మేం అన్నాలు తిని వచ్చేసరికి గింజ కింద కూర్చుంది. దాని మీద మెత్తటి ఒండ్రు పేరింది, అన్నం మీద మీగడపెరుగు వేసినంత మందంగా.

"గోదారి పొంగినప్పుడు వాగు వెనక్కి తన్నింది గద, అప్పటి ఒండ్రు ఇది. కడగక తప్పదు" అన్నాడు.

"కొంచెం మట్టి ఉంటే ఏమైతది తాతా? సిమెంటు పట్టుకుంటది గద" అన్నాడు తమ్ముడు.

తాత నా వైపు తిరిగాడు. "బిడ్డా, రొట్టె చేసేటప్పుడు పీట మీద పొడిపిండి ఎందుకు చల్లుతవు?"

"అంటుకోకుండా."

"ఇన్నవా?" అన్నాడు వాడితో. "ఇసుక గింజకు ఒండ్రు గూడ గట్లనే. సిమెంటు పోయి మన్నును పట్టుకుంటది, గింజను పట్టదు. మన్ను నీళ్లు కూడ ఎక్కువ తాగుతది. నీళ్లు ఎక్కువైన మాలుకు బలం ఉండదు."

కడగడం కూడా దగ్గరుండి చూపించాడు. సగానికి కోసిన పీపాలో ఇసుక వేసి, నీళ్లు నింపి, పారతో అడుగు దాకా కలియబెట్టి, మురికినీళ్లు వంపేయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. ఆ తర్వాత మాలు కలపడం. గోడకైతే తట్ట సిమెంటుకు ఆరు తట్టల ఇసుక. పొడిగా ఉన్నప్పుడే రంగంతా ఒక్కటయ్యేదాకా తిప్పి, అప్పుడు నీళ్లు. కలిపింది గట్టిపడకముందే వాడెయ్యాలి. గట్టిపడ్డాక నీళ్లు చల్లి మెత్తబరిచి వాడితే ఆయనకు ఒళ్లు మండేది. "సచ్చినోని నోట్ల పాలు పోసినట్టు" అనేవాడు.

గోడలు కిటికీల అడుగు దాకా లేచాయి. అప్పుడే తాతకు కళ్ల ఆపరేషన్ పడింది. శుక్లాలు. భద్రాచలం దవాఖానాకు పోతూ తమ్ముడికి గట్టిగా చెప్పాడు. "నేనొచ్చేదాక ఇసుక కడిగి పెట్టు, ఇటుకలు తడుపు. గోడ జోలికి పోకు."

మా తమ్ముడు జోలికి పోయాడు. పోవద్దన్న చోటికి పోకపోతే వాడు మా నాన్న కొడుకే కాదు. తాత వచ్చేసరికి గోడ కిటికీల పైదాకా లేపి చూపిస్తానన్నాడు. నేను సంతోషంగా రెండుసార్లు టీ పెట్టిచ్చాను. గోడ నిటారుగా లేస్తుంటే నాకేం తెలుసు? దారం పట్టి చూసినా ఎక్కడా వంకర లేదు. పైగా మాలు కిందటిసారి కన్నా ఎంత బాగుందో చూడమని వాడు మురిసిపోయాడు. "వెన్నలెక్క జారుతుంది అక్కా. తాత కలిపింది గరగర అంటుండె." ఎందుకైనా మంచిదని తట్టకు ఇంకో అరతట్ట సిమెంటు కూడా ఎక్కువే వేశాడట. పూటపూటా గోడకు నీళ్లు కూడా కొట్టాడు. పని దొంగ అని వాణ్ణి ఎవరూ అనలేరు.

తాత నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మనవడి చేయి పట్టుకుని వచ్చాడు. అప్పటికి మబ్బులు అడవి మీదికి దిగుతున్నాయి. నన్ను ఒక మేకు అడిగాడు. కింది వరుసల్లో ఇటుకల మధ్య గీశాడు. మేకు కిర్రుమని జారింది. కిటికీ పక్కన, ఛాతీ ఎత్తులో గీశాడు. మేకు లోపలికి దిగింది, పొడి జలజలా రాలింది.

"ఇసుక ఎట్ల కడిగినవ్?"

"మంచిగనే కడిగిన తాతా. కుప్ప మీద పైపు పెట్టి పొద్దంత నీళ్లు కొట్టిన."

తాత తడుముకుంటూ మిగిలిన కుప్ప దగ్గరికి నడిచి కూర్చున్నాడు. చేయి మోచేతి దాకా అడుగుకు దూర్చి బయటికి తీశాడు. వేళ్ల సందుల్లోంచి బురద కారింది.

"కుప్ప మీద నీళ్లు కొడితివి. మన్ను ఏడికి పోయింది?"

అప్పుడు నాకూ అర్థమైంది. పైన కడిగిన మట్టంతా కిందికి దిగి అడుగున పేరుకుంది. మొదట పైనున్న మంచి ఇసుకతో కట్టాడు. గోడ ఎత్తు పెరిగేకొద్దీ కుప్ప తరిగి, అడుగు ఇసుక వచ్చింది. వాడికి వెన్నలా జారినది మాలు కాదు, ఒండ్రు.

"సిమెంటు ఎక్కువనే ఏసిన" అన్నాడు తమ్ముడు.

"ఎక్కువేస్తే ఆరేటప్పుడు గుంజుకుని పగులుతది. మన్నుకు సిమెంటు మందు కాదురా. కిటికీ అడుగు దాక దించాలె."

నాకు కోపం నెత్తికెక్కింది. పాపకు అప్పటికే దగ్గు. రేపో మాపో వాన. ఇప్పుడు గోడ దించితే శ్లాబు మాట ఈ యేటికి లేనట్టే. "కళ్లు కనబడకనే పోయె, మేకుతోటి గీకి గోడ పడగొట్టమంటవా తాతా?" అన్నాను. అనకూడని మాటే. నోరు జారలేదు, కావాలనే అన్నాను.

ఆయన నొచ్చుకున్నట్టు కనపడలేదు. "కనబడవు బిడ్డా. అందుకే చెయ్యి పెట్టి చూసిన. నువ్వు కూడ చూడు. పైవరుస ఇటుక ఒకటి గుంజు."

గుంజాను. కాళ్లు తన్నిపెట్టి లాగాలేమో అనుకున్నాను, అలమార్లోంచి గిన్నె తీసినట్టు వచ్చేసింది. తిప్పి చూశాను. మాలు అంటిన గుర్తే లేదు, తుడిచి పెట్టినంత శుభ్రంగా ఉంది. అది కిటికీ పక్క గోడ. పాప మంచం ఎక్కడ వేయాలో నేను ఎప్పుడో అనుకున్న చోటు. ఈ ఇటుకల మీద శ్లాబు పోసి, దాని కింద నా బిడ్డను పడుకోబెట్టబోయాను. ఆ ఇటుకను అక్కడే దించి పక్కదాన్ని పట్టుకున్నాను.

ఆ సాయంత్రం తమ్ముడూ నేనూ మా ఆయనా కలిసి గోడ దించాం. గడ్డపార అవసరం పెద్దగా పడలేదు. సగం పనిలో ఉండగానే వాన అందుకుంది. తమ్ముడు ఏడుస్తున్నాడో, ముఖం మీద వాన నీళ్లో నాకు తెలియలేదు. అడగలేదు.

ఆ వానాకాలం టార్పాలిన్ కిందే గడిచింది. మిషను తుప్పు పట్టింది. పాప దగ్గు ముదిరి దవాఖానాలో చేర్చాల్సి వచ్చింది. ఆ రోజుల్లో పక్క టార్పాలిన్‌లోని వదిన లేకపోతే నేను ఏమయ్యేదాన్నో. చుట్టరికం లేదు, కష్టంలో కలిసిన వరస. నేను పాపతో దవాఖానాలో ఉంటే నా పొయ్యి ఆమె వెలిగించింది. వానలు తగ్గాక తాత గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి తట్ట ఇసుకలో చేయి పెట్టి చూశాకే తమ్ముణ్ణి కలపనిచ్చాడు. శ్లాబు పడింది. ఇప్పుడు మేం అందులోనే ఉంటున్నాం.

తమ్ముడు మేస్త్రి అయ్యాడు. తాత పని మానేశాక ఒక గుత్తేదారు కింద చేరాడు. మొన్న పొద్దుగూకే వేళ వచ్చి, చెప్పులు విప్పకుండానే కిటికీ పక్కన నిలబడ్డాడు. జేబులోంచి మేకు తీసి, గిలాబు పూత వేయకుండా వదిలేసిన బయటివైపు గోడను గీకాడు. మేకు జారింది. మళ్లీ గీకాడు.

"ఏందిరా అది?" అన్నాను.

"ఇసుక కడుగుతనంటే గుత్తేదారు ఇనలేదక్కా. శ్లాబుకు మనుషులను మాట్లాడిండట, కడుక్కుంట కూసుంటే ఎట్లనన్నడు. ఇయ్యాల గోడలు అయిపోయినయి." గోడకు వీపు ఆనించి కూలబడ్డాడు. "మాలు వెన్నలెక్క జారింది."

"ఎవరిల్లు?"

వాడు తలెత్తలేదు. "వదినోళ్లది."

వాళ్లింకా టార్పాలిన్‌లోనే ఉన్నారు. సరుకు దొరక్క, మనిషి దొరక్క ఇన్నాళ్లకు గోడలు లేచాయి. శ్లాబు పడితే ఆ గదిలో పడుకునేది ఆమె పిల్లలు. ఇప్పుడు గోడలు దించమని చెబితే ఆమెకెంత కడుపు మండుతుందో నాకన్నా ఎవరికి తెలుసు? చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందో కూడా నాకే తెలుసు. తమ్ముడి చేతిలోంచి మేకు తీసుకున్నాను.

"లే. నువ్వు కూడ రా."

మేం వెళ్లేసరికి వదిన కొత్త గోడలకు బిందెతో నీళ్లు కొడుతోంది. చీర అంచు తడిసి కాళ్లకు చుట్టుకుంది. నన్ను చూసి ముఖమంతా నవ్వయింది. "చూసినవా, ఎంత నిటారుగ లేపిండో నీ తమ్ముడు. వచ్చే వారమే శ్లాబు."

తమ్ముడు వాకిట్లోనే ఆగిపోయాడు. నేను ఆమె చేతిలోని బిందె తీసి కింద పెట్టాను. ఆ తడి చేతిలో మేకు పెట్టి, వేళ్లు మూశాను.

"వదినా, నామీద కోపం చేసుకో, తిట్టు, పడత" అన్నాను. "ముందుగాల నీ చెయ్యితోని ఆ గోడను ఒక్కసారి గీకి చూడు."