పెళ్ళికూతురి తల్లికి పౌడర్ తక్కువ

మా వైపు పెళ్ళిళ్ళలో ముఖం మీద పౌడర్ కనపడకపోతే మేకప్ వేసినట్టే కాదు. మిరప కోతకెళితే ఎండ తగలకుండా కళ్ళు తప్ప అంతా కొంగు చుట్టుకునే ఆడవాళ్ళు కూడా, పెళ్ళనేసరికి గోడకు సున్నం కొట్టినట్టు డబ్బా కుమ్మరిస్తారు. నల్లపాడులో బ్యూటీ పార్లర్ పెట్టి వీళ్ళతో నేను పడే అవస్థ అంతా ఇంతా కాదు.

ఒక మాఘమాసంలో పెళ్ళికూతురి తల్లి ఒకావిడ వచ్చింది. యాభై దాటింది, మిరప చేలల్లో ఎండకు చర్మం ముందే ముడతలు పడింది. నిశ్చితార్థంలో మగపెళ్ళివారి పెద్దాయన ఒకాయన "పిల్ల నాయనమ్మ మీరేనాండీ?" అని అడిగాడట. వియ్యపురాలు పక్కనే ఉండి నవ్విందట.

"పెళ్ళి ఫొటోల్లోనన్నా అమ్మలాగా కనపడితే చాలమ్మా," అంది. ఆ నవ్విన వియ్యపురాలి మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

పెళ్ళినాడు పెళ్ళికూతురి గదిలో ఆవిడను కూర్చోబెట్టాను. ముందు మాయిశ్చరైజర్ రాసి, చర్మం పీల్చుకునేదాకా ఆగాను. క్రీమ్ ఫౌండేషన్ బాగా పల్చగా, తడి స్పాంజితో అద్దాను, రుద్దలేదు. కళ్ళకింద నలుపున్న చోటే కాస్త కన్సీలర్ పెట్టాను. "ఒకసారి నవ్వండి," అని, గీతల్లో చేరిన క్రీమును వేలితో అద్ది సరిచేశాను. బుగ్గలకూ మెరుపుల్లేని క్రీమ్ రంగే. లూజ్ పౌడర్ అంటీ అంటనట్టు ముక్కుకూ నుదుటి మధ్యకూ మాత్రమే వేశాను, కళ్ళకింద అసలు తగలనివ్వలేదు. అద్దంలో చూసుకుని ఆవిడ మురిసిపోయింది.

పిన్నుల కోసం ఇటు తిరిగానో లేదో, ఆవిడ ఆడపడుచు టాల్కం డబ్బాతో దిగింది.

"ఏంది వదినా, పాచిమొహంతో వచ్చినట్టున్నావు! ఈమె పౌడరే రాయలా?" అంటూ ప్రేమకొద్దీ పఫ్‌తో దబదబా బాదేసింది. కళ్ళ చుట్టూ ఒక్కో గీతా తెల్లగా తేలింది.

"అమ్మా తల్లీ! మీరు అక్షింతలు వెయ్యండి, అది చాలు!" అని డబ్బా లాక్కున్నాను. పొడి బ్రష్‌తో దులిపి, నీటి తుంపర కొట్టి, తడి స్పాంజితో అద్ది, కళ్ళకింద గడ్డకట్టింది తీసేసి మళ్ళీ పల్చగా పెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మండపంలో ఆవిడను నాయనమ్మా అని ఎవరూ అడగలేదు.

అప్పగింతల దగ్గరే చిక్కొచ్చింది. పిల్లేమో ఆవిడ మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే తల్లి కంట చుక్క లేదు, కొయ్యబారి నిలబడింది. "అబ్బో, ఏం గుండెరా దేవుడా!" అంది ఆడపడుచు అందరికీ వినపడేలా. ఆవిడ మెల్లగా నావైపు వంగింది.

"ఏడిస్తే ఇదంతా గీతల్లోకి దిగుద్దా అమ్మా?"

"దిగితే దిగనివ్వండి. ఏడవండి," అన్నాను.

ఆవిడ కూతుర్ని గుండెకు హత్తుకుని ఘొల్లుమంది. వేసిందంతా కారిపోయింది. ఫొటోగ్రాఫర్ కెమెరా దించి, "మేడమ్, అమ్మగారికి ఒక్కసారి టచప్!" అని అరిచాడు.

"నువ్వు తియ్యవయ్యా," అన్నాను.