రెండు మెసేజ్‌ల హద్దు

మడకశిర గొర్రెల కాపరుల సంఘంలో జయంతి కంప్యూటర్ పని చూసేది. 2008లో సిమ్ వేసిన మోడెం తగిలించి, కాపరుల మెసేజ్‌లు కంప్యూటర్లోకి వచ్చేట్టు చేసింది. తాను అడిగినదానికి రెండు గంటల్లో జవాబు రాకపోతే ఆ పేరు ఎర్రబడి గుర్తుచేసేలా ప్రోగ్రాం కూడా రాసుకుంది. మళ్లీ పంపాలో వద్దో ఆమె ఇష్టం. అలా రెండుసార్లు మళ్లీ పంపాక మాత్రం పంపే మీట పనిచేయదు.

ఆ హద్దు ఊరికే పెట్టలేదు. అంతకు ముందటేడు టీకాల కోసం సుంకమ్మ అనే కాపరికి తన ఫోన్ నుంచి ఒకే పూట తొమ్మిది మెసేజ్‌లు పంపింది. “పోలీసోళ్లేమో అని ఫోను బంద్ చేసినా తల్లీ,” అందామె. ఆ తర్వాత సంఘం ముఖమే చూడలేదు.

ఒకరోజు పొద్దున ఎనిమిదికి కాపరి బసప్ప నుంచి మెసేజ్ వచ్చింది: గొర్రె ఉన్నట్టుండి సచ్చింది, ముక్కులో రక్తం.  అది దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ అయితే మనుషులకూ అంటుకుంటుంది.

“కొయ్యొద్దు, ముట్టొద్దు. ఎవరైనా ముట్టుకున్నారా?” అని జయంతి వెంటనే పంపింది.

జవాబు లేదు. పదింటికి పేరు ఎర్రబడింది, మళ్లీ పంపింది. పన్నెండుకు మళ్లీ. రెండింటికి మీట మూసుకుపోయింది. ప్రోగ్రాంలో ఆ రెండును తొమ్మిది చేయడం నిమిషం పని. వేళ్లు అటే పోయాయి. ఈపాటికి మాంసం వాటాలేసి పొయ్యి మీద పెట్టేశారేమో! మూడుసార్లకు పలకని ఫోనుకు పదిసార్లు పంపితే మాత్రం ఏం లాభం? ఫోన్ చేసింది. స్విచాఫ్.

పశువుల డాక్టరు తిప్పేష్‌తో కలిసి, అతని బండెక్కి జయంతి బయల్దేరింది. దారి పొడుగునా ఏ గుడిసె మీద పొగ కనబడినా ఆ మాంసమే ఉడుకుతోందేమోనని ఆమె మెడ సాచి చూసేది.

బసప్ప దొడ్డి దగ్గర గొర్రె కంపకింద అట్లాగే పడి ఉంది.

“ఏమప్పా, పలకవేం?” అంది బసప్పతో.

“రాత్రినుంచి కరెంటు లేదమ్మా. నీ మొదటి మెసేజ్ చూసినంక ఫోను సచ్చిపాయ. కొయ్యాలని కత్తి నూరినోళ్లను అడ్డం పడి ఆపినా. పొద్దున గొర్రెను ఎత్తినోడు మాత్రం మా పక్కదొడ్డి ఆదెప్ప. వాని చేతికి కంప గీసుకొని ఉండాది.”

తిప్పేష్ తొడుగులేసుకుని, కోయకుండానే చెవి నుంచి ఒక చుక్క రక్తం తీశాడు. లోతుగా గొయ్యి తీయించి, సున్నం పోసి పూడ్పించాడు. ఆదెప్పను ఆ సాయంత్రమే ఆసుపత్రికి పంపారు.

పరీక్షలో దొమ్మేనని తేలింది. ఆదెప్ప చేతి మీద నొప్పిలేని నల్లపుండు లేచింది. పది రోజులు జయంతికి అన్నం సయించలేదు. మందు ముందే పడింది కాబట్టి మనిషి దక్కాడు.

ఆమె ప్రోగ్రాంలో ఒక్క మార్పు చేసింది. హద్దును పెంచలేదు. “సచ్చింది” అన్న మాటున్న మెసేజ్‌కైతే తన ప్రశ్నకు గంటలో జవాబు రాకపోతే చాలు, పేరు ఎర్రబడేదాకా ఆగకుండా తెర మీద ఇలా పడుతుంది: “మెసేజ్ వద్దు. మనిషిని పంపు.”