నాలుగు లక్షల లేజరు, నలుగురు కస్టమర్లు

కొత్తవాడలో నేతవాళ్లింట్లో పుట్టి, పదిహేనేళ్లుగా హనుమకొండలో బ్యూటీ స్టూడియో నడుపుతున్న సుభాషిణికి లెక్కలు రావని మెషీన్లు అమ్మేవాళ్లందరికీ ఒక గుడ్డి నమ్మకం. మొన్న వచ్చిన ఓంప్రకాశ్ అయితే ఆమె ఏసీ కింద కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ, నాలుగు లక్షల లేజర్ హెయిర్ రిమూవల్ మెషీన్‌ని దానం చేస్తున్నట్టు మాట్లాడాడు.

"రోజుకు నలుగురు, సిట్టింగుకు పదిహేను వందలు. మూడు నెలలల్ల మీ పైసలు వాపస్ మేడమ్. తర్వాత అంత లాభమే!"

ఈ మహానుభావుడి క్యాలెండర్లో పెళ్లిళ్లు లేని ఆషాఢం లేదు. జెల్ ఖర్చు లేదు, కరెంటు బిల్లు లేదు, ఇన్ని లేజర్ షాట్లు కొట్టాక అరిగిపోతే మార్చాల్సిన హ్యాండ్‌పీసూ లేదు. సుభాషిణి వాటి జోలికే పోలేదు.

"ఆ నలుగురు ఎవరు తమ్ముడూ?"

"మీ వాక్సింగ్ కస్టమర్లే మేడమ్!"

"వాళ్లు నెలనెలా ఎనిమిది వందలిచ్చి పోతరు. లేజర్ చేస్తే?"

"ఎనిమిది సిట్టింగులు. మళ్ల వెంట్రుక రాదు. గ్యారంటీ!"

సుభాషిణి నవ్వింది. ఈగను తోలేటప్పుడు కూడా మనిషి ముఖంలో అంతకంటే మర్యాద ఉంటుంది.

"పన్నెండు వేలిచ్చి పోయినామె మళ్ల నా గడప తొక్కదు. ఏండ్లకేండ్లు వచ్చే నా వాక్సింగ్ పైసలు నీ లెక్కల యాడ తీసేసినవ్? నీ మాట నిజమైతే నా గిరాకి పోతది, అబద్ధమైతే నా ఇజ్జత్ పోతది. చాయ్ తాగినవ్ గదా, ఇగ లే."