గోడ మీద పేజీ నంబర్లు

బొగ్గుగనిలో ఓవర్‌మన్ అనే సూపర్‌వైజర్ పోస్టు పరీక్షకు చదివేటప్పుడు, మందమర్రి నుంచి మా బావ తన పుస్తకం చివరి ఇండెక్స్‌ను ఫోటోలు తీసి పంపాడు. అక్షరక్రమంలో చెదిరిపోయిన విషయాలను ఏరి వెంటిలేషన్, గ్యాసులు, రూఫ్ సపోర్టు, బ్లాస్టింగ్ అని గుంపులు కట్టాను. ఒక్కోదాని ఎదుట పేజీ నంబరు రాసి, చార్టును క్వార్టరు గోడకు అంటించాను. దాన్ని చూస్తే సగం చదివేసినంత ధీమా.

పరీక్ష దగ్గరపడ్డాక పుస్తకం కొన్నాను. మీథేన్ అని రాసుకున్న పేజీలో బొగ్గు టబ్బులు లాగే హాలేజీ తాడు ఉంది. తిప్పినకొద్దీ అన్నీ తప్పే. బావకు ఫోన్ చేశాను.

"నాది పాత ప్రింటు, నీది కొత్తది. మీథేన్ యాడికి పోతది, లోపల్నే ఉంటది, దేవులాడు!"

పేలే గ్యాసు గురించి గనిలో ఈ మాట అంటే మెమో ఇస్తారు. మళ్లీ మొదటినుంచి రాసే టైము లేదు, డ్యూటీకి పోవాలి. చార్టు మాత్రం గోడ మీద అందంగానే ఉంది.